పుస్తకం పేరు పక్కన ఆ చిన్న బ్రాకెట్టు: రిఫరెన్సు లిస్టులో మన తెలుగు పుస్తకాల గురించి

పోస్టు కొంచెం పొడుగు. పీజీ, పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు ఓపికగా చదవండి.

విజయవాడలో మేం కొందరం ఆదివారాలు కూర్చుని ఒకరి థీసిస్ ఒకరం చూసుకుంటున్నాం. మొన్న ఒక చెల్లి తన చాప్టర్ తెచ్చింది. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం ఎరుకల కుటుంబాల గురించి రాస్తోంది. చాప్టర్ బాగుంది. రిఫరెన్సుల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాం. తెలుగు పుస్తకాల్లో కొన్నింటికి ఇంగ్లీషు లిపిలో పేరు ఉంది, కొన్నింటికి ఇంగ్లీషు అనువాదం ఒక్కటే ఉంది, రెండు మూడింటికి మాత్రం రెండూ ఉన్నాయి. "సార్ ఎలాగైనా పెట్టుకోమన్నారు" అంది. ఎలాగైనా పెట్టుకుంటే కుదరదన్నదే మా అభిప్రాయం. ఎందుకో ఆమె లిస్టులోని ఒక్క పుస్తకంతోనే చెప్తాం.

విజయవాడ నాస్తిక కేంద్రానికి చెందిన హేమలతా లవణం గారు స్టువర్టుపురంలో పని చేశారని మనలో చాలామందికి తెలుసు. ఆమె రాసిన పుస్తకం పేరు "నేరస్థుల సంస్కరణ". చెల్లి మొదట ఇలా రాసింది:

```
Lavanam, Hemalatha. YYYY. Reformation of Criminal Tribes.
```

(సంవత్సరం మీ చేతిలో ఉన్న ప్రతిలో చూసి వేసుకోవాలి. మన పుస్తకాలు మళ్లీ మళ్లీ అచ్చవుతాయి కాబట్టి ఏ ముద్రణ చదివారో ఆ ఏడే వేయండి. ఊరు, ప్రచురణకర్త కూడా అందులోంచే.)

ఇందులో రెండు తప్పులున్నాయి. మొదటిది, ఈ పేరుతో పుస్తకం దొరకదు. లైబ్రరీ కేటలాగులో వెతికేవాడికి ఇది ఇంగ్లీషు పుస్తకంలా కనిపిస్తుంది. వెతికి వెతికి లేదనుకుంటాడు. రచయిత్రి పెట్టిన పేరు ఎక్కడా లేదు కదా! ఆథర్-డేట్ పద్ధతిలో ఇది ఇంకా కీలకం. చాప్టర్ లోపల ఇంటిపేరు, సంవత్సరం మాత్రమే వేస్తాం. పుస్తకం పేరు కనిపించేది చివరి లిస్టులో, అదీ ఒక్కసారే. అక్కడ తప్పితే సరిచూసుకోవడానికి చదివేవాడికి ఇంకో చోటు లేదు.

రెండో తప్పు ఇంకా పెద్దది. తెలుగు పేరులో "తెగ" అన్న మాటే లేదు. "నేరస్థులు" అంటే నేరం చేసిన మనుషులు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం మనుషుల్ని కాదు, తెగకు తెగనే నేరస్థులుగా లెక్కగట్టింది. 1952లో ఆ చట్టం పోయింది. పుట్టుకతోనే నేరస్థుడనడం వేరు, నేరం చేసినవాడనడం వేరు అన్నదే చెల్లి చాప్టర్ అంతా. ఆ తేడాను తన లిస్టులో తనే చెరిపేసుకుంది. కావాలని కాదు. "క్రిమినల్ ట్రైబ్స్" అన్న మాట ఇంగ్లీషు పుస్తకాల్లో చదివీ చదివీ చేతికి అలవాటైపోయింది.

మేం అది చెప్పాక ఆమె రెండోసారి మార్చింది. ఈసారి తెలుగు పేరును ఇంగ్లీషు లిపిలో పెట్టి, బ్రాకెట్టులో "మాజీ నేరస్థుల" అనే అర్థం వచ్చేలా రాసింది. "అలా రాస్తే మనవాళ్లకు గౌరవంగా ఉంటుంది కదన్నా" అంది. ఆ మనసు మాకు అర్థమైంది. కానీ అదీ తప్పే. పేరులో "మాజీ" లేదు. పుస్తకం పేరు ఒక సాక్ష్యం. ఆ కాలంలో మంచి మనసుతో పనిచేసినవాళ్లు కూడా ఏ మాట వాడారో అది చెప్తుంది. దాన్ని మనం తుడిచి పెడితే మన వాదనకే ఆధారం పోతుంది. ఆ మాట మీద అభ్యంతరం ఉంటే చాప్టర్‌లో గట్టిగా రాద్దాం. బ్రాకెట్టులో మాత్రం పేరు ఏం చెప్తే అదే ఉండాలి, మెత్తబరచకూడదు, ముదరబెట్టకూడదు.

చివరికి ఇలా తేలింది:

```
Lavanam, Hemalatha. YYYY. Nerasthula samskarana [Reform of criminals].
```

తెలుగు పేరు ఇటాలిక్స్‌లో ఉంటుంది. బ్రాకెట్టులోది మామూలు అక్షరాల్లో, కోట్స్ లేకుండా, మొదటి మాటకూ పేర్లకూ మాత్రమే పెద్దక్షరం పెట్టి రాయాలి. షికాగో, ఏపీఏ రెండింటిలోనూ ఇదే దారి. ఇది సోకు కోసం కాదు. బ్రాకెట్టులోదాన్ని కూడా ఇటాలిక్స్‌లో పెట్టి, ప్రతి మాటకూ పెద్దక్షరం వేస్తే, ఆ పేరుతో నిజంగానే ఇంగ్లీషు పుస్తకం వచ్చిందనుకుంటారు. నిజంగా అచ్చయిన ఇంగ్లీషు అనువాదాన్ని మీరు చదివి ఉంటే, దానికి విడిగా ఇంకో ఎంట్రీ ఇవ్వాలి.

ఇక లిపి సంగతి. మన డెల్టా పిల్లలకు కాలువ తెలుసు, కలువ తెలుసు. గుర్తులు లేకుండా ఇంగ్లీషులో రాస్తే రెండూ `kaluva` అయిపోతాయి. దీర్ఘానికి గీత పెడితే కాలువ `kāluva` అవుతుంది. గుర్తులు పెట్టాలా వద్దా అన్నది మీ గైడుతో మాట్లాడుకోండి. పెడితే అన్నిటికీ పెట్టండి, లేకపోతే దేనికీ వద్దు. ఒక చోట `samskarana`, ఇంకో చోట `sanskarana` అని రాస్తే వెతికేవాడికి రెండూ దొరకవు. గుర్తులు లేని లిస్టులో బ్రాకెట్టే దిక్కు, కాలువో కలువో అదే చెప్పాలి. బ్రాకెట్టు లోపల కూడా అదే కట్టుబాటు ఉండాలి. "నేరస్థులు" అన్న మాటకు ఒక ఎంట్రీలో "క్రిమినల్స్", ఇంకో ఎంట్రీలో "అఫెండర్స్" అని రాస్తే, మూలంలో రెండు వేరు మాటలున్నాయని చదివేవాడు అనుకుంటాడు.

మన తెగల పేర్లు వచ్చినప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. వాటిని అనువాదం చేయకూడదు. సుగాలీ అంటే సుగాలీ. బ్రాకెట్టులో బంజారా అని మార్చేయకండి. "జిప్సీ" అని అసలే రాయకండి, అది ఎక్కడో యూరప్‌లోని వేరే జనాన్ని పిలిచిన మాట. ఎరుకల విషయంలో ఒక చిక్కుంది. తెలుగు అక్షరాల ప్రకారం `Erukala` అని రావాలి, ప్రభుత్వ ఎస్టీ జాబితాలో `Yerukula` అని ఉంటుంది. పేరును అక్షరాల ప్రకారమే రాయండి. బ్రాకెట్టులో మాత్రం మీ చాప్టర్‌లో వాడిన స్పెల్లింగే పెట్టండి.

అన్ని పేర్లకూ బ్రాకెట్టు కావాలా అని ఒక తమ్ముడు అడిగాడు. "కొమురం భీం" లాగా పేరంతా ఒక మనిషి పేరే అయితే అనువదించడానికి ఏమీ లేదు, వదిలేయొచ్చు. "మాలపల్లి" అలా కాదు. చూడ్డానికి ఊరి పేరులా ఉంటుంది గానీ అది మాలల పల్లె. దానికి బ్రాకెట్టు కావాలి, అందులో మాల అన్న మాట అలాగే ఉండాలి. ఈ ఒక్క మినహాయింపు తప్ప మిగతా అన్నిటికీ పెట్టాల్సిందే. సగం పేర్లకే పెడితే మిగతా సగం అనవసరమైనవని చదివేవాడు అనుకుంటాడు. ఆ మిగతా సగంలో ఉండేవి తరచుగా మన పుస్తకాలే.

"మన పుస్తకానికి ఇంగ్లీషు తోక ఎందుకు? తెలుగు లిపిలోనే పెడదాం" అని కొందరు అన్నలు అంటున్నారు. ఒప్పుకునే జర్నల్ అయితే తెలుగు లిపి కూడా పక్కన పెట్టండి, మాకు సంతోషమే. కానీ ఝార్ఖండ్‌లో ఒక సంతాల్ అమ్మాయి మన లిస్టు చూసి, "ఇక్కడ కూడా మాలాంటి కథే ఉందే" అనుకోవాలంటే ఆ బ్రాకెట్టు ఉండాలి. పుస్తకాన్ని వెతికి పట్టుకోవడానికి తెలుగు పేరు, దాని మాట తెలియడానికి బ్రాకెట్టు. ఒకటి పెట్టి ఇంకొకటి వదిలేస్తే సగం పనే అవుతుంది.

చెల్లి తన లిస్టు మొత్తం మళ్లీ కూర్చుని రాస్తోంది. మీ లిస్టులోనూ తెలుగు పేర్లన్నీ ఒక కాగితం మీద వరసగా రాసి, పక్కన బ్రాకెట్టులో ఉన్నది పెట్టి, మళ్లీ తెలుగులోకి తిప్పి చూడండి. అదే పేరు తిరిగి రాకపోతే, ఎక్కడో ఏదో కలిపాం, లేదా ఏదో తీసేశాం అన్నమాట. అలాంటివి దొరికితే కింద రాయండి, వచ్చే ఆదివారం కలిసి చూద్దాం.