రహమాన్ ఎక్కడికి పోయాడు?

మా మొహల్లాలో ఒక పిల్లవాడి మార్కుల కాగితం మొన్న నా చేతికొచ్చింది. పేరు దగ్గర "షేక్ మొహమ్మద్ అబ్దుల్" అని ఉంది. అంతే. అబ్దుల్ తర్వాత ఏమీ లేదు. "మిగతా పేరేది బేటా?" అని అడిగాను. "ఫారంలో జగహ్ సరిపోలేదు చాచా. సార్ రిజిస్టర్లో అంతే ఎక్కించారు" అన్నాడు.

అబ్దుల్ అంటే మనందరికీ తెలుసు. "ఫలానావారి దాసుడు" అని. ఆ ఫలానా రహమాన్, రహీమ్, ఖాదర్ అయితేనే ఆ పేరు పూర్తవుతుంది. తల్లిదండ్రులు ఎంత ముహబ్బత్‌తో పెట్టుకున్న పేరు అది! దాన్ని దాఖలా ఫారం సగానికి కోసేసింది. ఇప్పుడు ఆధార్‌లో ఒక పేరు, బడి రిజిస్టర్లో ఇంకో పేరు. వాళ్ల అబ్బా రోజు కూలీ మానుకుని ఆ పేరు దిద్దించడానికి తిరుగుతున్నాడు.

ఇది గుమస్తా తప్పని మీరనుకుంటే నేనొప్పుకోను. తప్పు ఫారం తయారు చేసినవాళ్లది. కొలిచి చూపిస్తాను.

ఏ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు. రెండు పక్కలా 15 చొప్పున వదిలితే రాయడానికి 180 మిగులుతాయి. రోజూ కలం పట్టని చేయి ఇంగ్లీషు పెద్దక్షరం ఇబ్బంది లేకుండా రాయాలంటే ఒక్కో ఖానా కనీసం 6 మిల్లీమీటర్ల వెడల్పు, 8 ఎత్తు ఉండాలి. మన బడుల ఫారాల్లో "విద్యార్థి పూర్తి పేరు" అన్న మాట ఎడమ పక్కన కూర్చుని 50 మిల్లీమీటర్లు తినేస్తుంది. మిగిలేది 130. అంటే 21 ఖానాలు. ఇప్పుడు ఆ పిల్లవాడి పేరు ఇంగ్లీషులో లెక్కపెట్టండి. షేక్‌కి 5, మొహమ్మద్‌కి 8, అబ్దుల్‌కి 5, రహమాన్‌కి 6, మధ్యలో ఖాళీలు 3. మొత్తం 27. అబ్దుల్ రాసి ఒక ఖానా వదిలేసరికి 21 అయిపోయాయి. రహమాన్ బయటే నిలబడ్డాడు!

దీనికి ఇలాజ్ ఏమిటి? ఆ మాటని ఎడమ పక్క నుంచి తీసి ఖానాల పైన చిన్న అక్షరాల్లో పెట్టండి. 180ని 6తో భాగిస్తే 30 ఖానాలు వస్తాయి. 27 అక్షరాల పేరు హాయిగా పట్టి, ఇంకా మూడు మిగులుతాయి. అంతకంటే పొడుగు పేర్లూ మనలో ఉన్నాయి కాబట్టి కింద ఇంకో వరస ఇవ్వండి. ఏదో ఒక సగటు పేరు ఊహించుకుని కొలత పెట్టకండి జనాబ్. మీ బడి హాజరీ పట్టీ తీసి, అందులో అన్నిటికంటే పొడుగు పేరు చూసి కొలత పెట్టండి.

ఇంకో మాట. ఈ ఖానాలు ఇంగ్లీషు పెద్దక్షరాలకే. తెలుగు ఒత్తులు వాటిలో ఇమడవు. ఉర్దూ హర్ఫులు ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తాయి, వాటిని గళ్లలో విడగొట్టలేం. ఆ రెండు భాషలకీ ఖానాలు లేని ఖాళీ గీత ఇవ్వండి, పైన 12 మిల్లీమీటర్ల చోటు వదలండి. ఉర్దూ గీతకి మాట కుడి చివర ఉండాలి, రాత అక్కడి నుంచే మొదలవుతుంది కదా.

"పేజీ పెరుగుతుంది భాయ్, ఖర్చు" అంటారు కరస్పాండెంట్ సాబ్. మీ ఫారం పైన చూడండి. బడి భవనం ఫోటో, లోగో, నినాదం కలిసి ఆరు సెంటీమీటర్లు ఆక్రమించాయి. పేరుకో వరస వేసుకుంటే మాటకి 4, ఖానాకి 8, మొత్తం 12 మిల్లీమీటర్లు. ఆ ఆరు సెంటీమీటర్లలో అలాంటివి ఐదు వరసలు పడతాయి. బచ్చా పేరు, వల్దియత్, అమ్మీ పేరు, ఇంకా రెండు. భవనం ఫోటో చూసి ఎవరూ దాఖలా తీసుకోరు.

ఇక టిక్కు గళ్ల సంగతి. "ఓసీ/బీసీ/ఎస్సీ/ఎస్టీ, వర్తించనిది కొట్టివేయండి" అని ఒకే సతర్‌లో అచ్చేస్తారు. ఒకరు తమది కానివి కొట్టేస్తారు, ఇంకొకరు తమదాని చుట్టూ సున్నా చుడతారు, మరొకరు తమదే కొట్టేస్తారు. గుమస్తా అందాజాగా ఎక్కిస్తాడు. పైగా ఒట్టి బీసీ అంటే మనకి సరిపోదు. 2007 చట్టంతో వచ్చిన నాలుగు శాతం రిజర్వేషన్ బీసీ-ఈ వాళ్లకి. షేక్‌లు అందులో ఉన్నారు. దూదేకులవాళ్లు బీసీ-బీ, మెహతర్‌లు బీసీ-ఏ. సయ్యద్‌లు, పఠాన్‌లు బీసీ-ఈలో లేరు. ఇన్ని తేడాలున్నచోట కొన్ని ఫారాలు కులం వరసలో "ముస్లిం" అని పెట్టి చేతులు దులుపుకుంటాయి. మజ్హబ్ వేరు, కేటగిరీ వేరు. రెండిటికీ వేరువేరు ప్రశ్నలుండాలి. కేటగిరీ కింద బీసీ-ఏ నుంచి బీసీ-ఈ దాకా ఒక్కోదానికి ఒక్కో గడి ఉండాలి.

గడి ఎప్పుడూ మాటకి ఎడమ పక్కనే, ఒకదాని కింద ఒకటి వరసగా ఉండాలి. "బాలుడు ☐ బాలిక ☐" అని దగ్గరదగ్గరగా ఇరికిస్తే మధ్య గడి ఎవరిదో తెలియదు. అమ్మాయిని అబ్బాయిగా రాసిన రిజిస్టర్ నేను చూశాను. గడి 5 మిల్లీమీటర్లకి తగ్గితే టిక్కు పక్క గడిలోకి పాకుతుంది.

ఇదంతా కంప్యూటర్లో కష్టమా? కాదు. మన డీటీపీ తమ్ముళ్లు చేసే గలతీ ఒక్కటే. చుక్కలో, అడ్డగీతలో టైపు చేసి ఖాళీ చూపిస్తారు. ఫాంటు మారగానే గీతల చివరలు పళ్లూడిన దువ్వెనలా అయిపోతాయి. వర్డ్‌లో టేబుల్ వేయండి. Table Properties లోని Row లో ఎత్తు 0.8 సెంటీమీటర్లిచ్చి, పక్కన Exactly ఎంచుకోండి. Table లోని Options లో Automatically resize to fit contents తీసేయండి. అప్పుడు ఏం టైపు చేసినా గళ్లు కదలవు. టిక్కు గడి కోసం 2610 అని కొట్టి Alt+X నొక్కితే ☐ వస్తుంది. దాని సైజు పెంచి, అచ్చు తీశాక స్కేలు పెట్టి కొలవండి.

అచ్చు తీసేటప్పుడు Fit కాదు, Actual size ఎంచుకోండి. లీగల్ సైజులో తయారు చేసిన ఫారాన్ని ఏ4కి కుదించి జిరాక్స్ తీస్తే 6 మిల్లీమీటర్ల ఖానా 5 అవుతుంది, 8 ఎత్తు 6.7కి దిగుతుంది. మీరు కంప్యూటర్లో సరిగ్గానే చేశారు, జిరాక్స్ షాపులో అంతా పోయింది.

వెయ్యి కాపీలు వేసేముందు ఐదు కాపీలు తీయండి. బడి గేటు దగ్గర ఐదుగురు తల్లిదండ్రులకిచ్చి నింపమనండి. మీరు ఏమీ చెప్పకండి, చూడండి. కలం ఎక్కడ ఆగిందో, రాత ఎక్కడ మార్జిన్‌లోకి ఎక్కిందో, ఎవరు ఏ గడి గురించి అడిగారో అక్కడ మీ ఫారం ఫెయిలైంది, వాళ్లు కాదు.

ఒక సాయంత్రం పని ఇది. ఆ పిల్లవాడి అబ్బా ఇప్పటికి నాలుగు రోజుల కూలీ పోగొట్టుకున్నాడు. ఆ నాలుగు రోజులు ఎవరు తిరిగిస్తారో కరస్పాండెంట్ సాబ్ చెప్పాలి.