పంటి వరస దగ్గర దొరికిపోతారు

డూప్ చేసిన ఫైటుకు హీరో ముఖం అతికించడం ఇప్పుడు సినిమావాళ్ళకు కొత్త సంగతేం కాదు. మనిషి దూరంగా ఉన్నంతసేపు, గబగబా కదులుతున్నంతసేపు ఎవరూ పట్టుకోలేరు. కెమెరా దగ్గరికొచ్చి ఆ ముఖం నవ్విందా, చూసేవాడికి ఎక్కడో తేడా కొడుతుంది. ఏమిటంటే చెప్పలేడు, 'ఏదో బొమ్మలా ఉంది' అంటాడు. బొమ్మ మనిషి పోలికకు దగ్గరయ్యేకొద్దీ మనకు నచ్చుతుందనీ, మరీ దగ్గరికొచ్చాక ఒకచోట ఆ ఇష్టం కాస్తా జంకుగా మారుతుందనీ జపాన్ రోబో శాస్త్రవేత్త మసాహిరో మోరి 1970లోనే రాశాడు. ఆయన చెప్పింది మరబొమ్మల గురించి. ముఖం మార్చిన షాట్లో అయితే ఆ జంకు ఎక్కడ పుడుతోందో వేలు పెట్టి చూపించవచ్చు. చాలాసార్లు అది నోట్లోనే ఉంటుంది.

ఒక షాట్ అనుకుందాం. డూప్ లారీ మీంచి దూకి, లేచి, కెమెరా వైపు తిరిగి పళ్ళు కనిపించేలా నవ్వుతాడు. రెండు సెకన్లు, అంటే 48 ఫ్రేములు. హీరో ముఖం నేర్చుకున్న మోడల్ 256 పిక్సెళ్ళ చదరంలో బొమ్మ గీస్తుందనుకోండి. అందులో నవ్వే నోటి వెడల్పు 70 పిక్సెళ్ళకు అటూ ఇటూగా ఉంటుంది. పై వరసలో ఎనిమిది పళ్ళు కనిపిస్తే ఒక్కో పంటికి వచ్చేది ఎనిమిదో తొమ్మిదో పిక్సెళ్ళు. పంటికీ పంటికీ నడిమి గీతకు ఒక్క పిక్సెల్ కూడా దక్కదు. దీన్ని తెర మీద ముఖానికి సరిపోయేలా రెట్టింపు చేస్తే పళ్ళు పోయి తెల్ల పట్టీ ఒకటి మిగులుతుంది. ఒక ఫ్రేములో ఆరు పళ్ళు, తర్వాతి ఫ్రేములో ఏడు. నిలిపి చూస్తే బాగానే ఉంటుంది, నడిపిస్తే పళ్ళు మిణుకుమిణుకుమంటాయి.

మోడల్‌కు అక్కడ శ్రద్ధ లేకపోవడానికీ కారణముంది. నేర్చుకునేటప్పుడు తప్పును ముఖమంతటి మీద సగటున లెక్కేస్తారు. బుగ్గలు, నుదురు సరిగ్గా వస్తే చాలా మార్కులు వచ్చేస్తాయి, పంటి వరస తప్పినా పోయేది కొంచెమే. డీప్‌ఫేస్‌ల్యాబ్ లాంటి సాఫ్ట్‌వేర్లో `Eyes and mouth priority` అనే మీట ఉన్నది ఇందుకే. అది కళ్ళకూ నోటికీ మార్కులు పెంచుతుంది. అయితే హీరో ఫొటోల్లో నోరు తెరిచి నవ్వేవి నాలుగే ఉంటే ఆ మీట నొక్కినా ఒరిగేదేం లేదు. మోడల్ చూడని పన్నును ఎక్కణ్ణుంచి తెస్తుంది?

అసలు గుట్టు ఇంకొకటుంది. పై పళ్ళు పుర్రెకు అతుక్కుని ఉంటాయి. పెదవులు ఎంత సాగినా, దవడ ఎంత దిగినా, పై మునిపళ్ళ నడిమి గీత ముక్కుతో కలిసే కదులుతుంది. మోడల్‌కు ఎముక సంగతి తెలియదు. దానికి పళ్ళు పెదవుల మధ్య ఉండే తెల్లటి మచ్చ మాత్రమే. అందుకే నవ్వు విప్పారుతుంటే పళ్ళు కూడా పెదవితో పాటు సాగుతాయి. మీ షాట్లో ముక్కు కొనను స్థిరంగా కనిపించేలా ట్రాక్ చేసి ఆడించండి. నడిమి గీత పక్కకు జారినా, పన్ను వెడల్పు మారినా, తేడా కొట్టింది అక్కడే.

దిద్దడంలోనూ ఇదే సూత్రం. డూప్ పళ్ళు హీరో పళ్ళకు దగ్గరగా ఉంటే మాస్క్‌లో నోటి లోపలి భాగాన్ని వదిలేసి, అసలు షాట్లోని పళ్ళనే ఉంచేయడం అన్నిటికన్నా మేలు. అవి నిజం పళ్ళు, నిజం ఎముక మీద ఉన్నవి. హీరోకు మునిపళ్ళ మధ్య సందో, వంకర కోరపన్నో ఉండి జనం గుర్తుపడతారనుకుంటే, అదే కోణంలో తీసిన హీరో ఫొటోలోంచి పై వరసను కత్తిరించి తెచ్చి ముక్కు ట్రాక్‌కు కట్టాలి. పెదవి ట్రాక్‌కు కడితే మళ్ళీ మొదటికే వస్తాం. కింది వరస గడ్డంతో కదలాలి. పెదవి అంచును ఫ్రేము ఫ్రేముకూ రోటో చేసి ఆ పళ్ళ మీద కప్పాలి. ఆపైన వెలుతురు. నోరు ఒక చిన్న గుహ, మూలలకు పోయేకొద్దీ పళ్ళు చీకటిలోకి వెళ్ళాలి, పై పెదవి నీడ వాటి మీద పడాలి. కొత్తగా చేరిన కంపోజిటర్లు పళ్ళను టూత్‌పేస్ట్ ప్రకటనలా తెల్లగా చేస్తారు. మసక సందులో తీసిన షాట్లో పళ్ళు ఒక్కటే వెలుగుతుంటే ఎవడు నమ్ముతాడు? చివర్లో మిగతా షాట్‌లో ఉన్నంత గ్రెయిన్, కదలికలో వచ్చేంత మసక కూడా పళ్ళకు ఇవ్వాలి.

కళ్ళ దగ్గర పొరపాటు వేరే రకం. నల్లగుడ్డు ముందుండే పొర ఉబ్బెత్తు అద్దం, ఎదురుగా ఏ దీపం ఉంటే దాన్ని చూపిస్తుంది. హీరో ఫొటోలు ఎక్కువగా ఇంటర్వ్యూలవైతే కంట్లో గుండ్రటి రింగ్‌లైటు మెరుపు ఉంటుంది. మోడల్ దాన్ని కంటి రంగులో భాగమనుకుని నేర్చుకుంటుంది. ఎర్రటి ఎండలో లారీ పక్కన నిలబడ్డ మనిషి కంట్లో రింగ్‌లైటు మెరిస్తే అది ఎవరి కన్ను? పైగా ఒక కంట్లో మెరుపు పైన, రెండో కంట్లో పక్కన పడుతుంది. రెండు కళ్ళ మధ్య ఎడం ఆరున్నర సెంటీమీటర్లకు అటూ ఇటూ, దీపం ఎక్కడో దూరాన. కాబట్టి మెరుపు రెండింట్లోనూ దాదాపు ఒకేచోట, ఒకే ఆకారంలో ఉండాలి. చూపు పక్కకు తిప్పినప్పుడు అది కనుపాపకు అంటుకుని పోకూడదు, దీపం వైపే ఆగినట్టుగా కాస్త వెనకబడాలి.

దీనికి మందు డూప్ కంట్లోనే ఉంది. అదే తల, అదే ఎండ, అదే చూపు. ముందు మోడల్ వేసిన మెరుపును పెయింట్ చేసి తుడిచేయాలి. తర్వాత అసలు షాట్లో కంటి మీద బాగా వెలిగిన భాగాన్ని మాత్రం వేరుచేసి పైన కలపాలి. కింది రెప్ప అంచున ఉండే తడి గీతనూ వదలొద్దు, అది లేకపోతే కన్ను ఎండిపోయినట్టుంటుంది. 

ఇక వంకర నవ్వు. ఎవరి ముఖమూ రెండు వైపులా ఒకేలా నవ్వదు, పెదవి ఒక మూల ముందు లేస్తుంది, రెండోది రెండు మూడు ఫ్రేములు ఆగి లేస్తుంది. ఫొటోలు చాలవని `Flip SRC faces randomly` పెట్టి శిక్షణ ఇస్తే హీరో ఎడమ నవ్వు కుడి నవ్వుగా కూడా మోడల్‌కు అందుతుంది. ఫలితం రెండు వైపులా సగం సగం నవ్వే ముఖం. ఈ సౌకర్యం ఆపేసి, ఆ కోణంలో ఆ నవ్వున్న ఫొటోలు వెతికి చేర్చడం మొదటి పని. అయినా మిగిలిపోయేది డూప్ అలవాటు. అతను కుడివైపు నవ్వేవాడైతే హీరో ముఖం కూడా కుడికే నవ్వుతుంది. అప్పుడు కంపోజిటింగ్‌లో వార్ప్ పెట్టి ఎడమ మూలను రెండు మూడు పిక్సెళ్ళు ఎత్తి, దానితోపాటు బుగ్గనూ కింది రెప్పనూ లేపాలి. పెదవి ఒక్కటే లేస్తే నొప్పితో నవ్వినట్టుంటుంది.

2016లో వచ్చిన 'రోగ్ వన్'లో 1994లోనే పోయిన పీటర్ కుషింగ్ ముఖాన్ని గై హెన్రీ అనే నటుడి మీద పెట్టారు. అక్కడ వాడింది ఇలాంటి మోడల్ కాదు, చేత్తో కట్టిన త్రీడీ ముఖం. అయినా తిప్పలు ఇవే. 'ఆ' అన్నప్పుడు కుషింగ్ పై పెదవి కదిలేది కాదు. హెన్రీ అలా పలకడు. ఆ మాటల దగ్గర పెదవిని యానిమేటర్లు దిద్దాకే పోలిక కుదిరింది.

ఇన్ని దిద్దినా అరిచే ముఖం, నాలుక కనిపించే నవ్వు, పూర్తిగా పక్కకు తిరిగిన ముఖం ఇప్పటికీ మొరాయిస్తాయి. అలాంటి క్లోజప్ ఒకటి కథలో ఉందని ముందే తెలిస్తే, డూప్ దూకిన చోటే, అదే ఎండలో హీరోను నిలబెట్టి ఆ రెండు సెకన్లు విడిగా తీసుకోవడమే చవక.