ముందు నువ్వే ఎంచుకో

పాచికలనగానే మనకు శకుని గుర్తుకు వస్తాడు. నేను చెప్పబోయే పాచికలలో ఏ మాయా లేదు. అయినా, రెండవసారి ఎంచుకొన్నవానిదే పైచేయి.

కిందటి వేసవిలో రొళ్లలో, బంధువుల ఇంటి అరుగు మీద, పదో తరగతి పిల్లలకు వీటిని చూపించాను. మూడు చెక్క పాచికలు. ఒక్కొక్క అంకె రెండేసి ముఖాల మీద ఉంటుంది. ఎర్రదానిపై 2, 4, 9. నల్లదానిపై 1, 6, 8. తెల్లదానిపై 3, 5, 7. దేని సగటు చూసినా 5 మాత్రమే.

"ముందు నువ్వే ఎంచుకో" అన్నాను. ఒక అమ్మాయి నల్లది తీసుకొంది, నేను ఎర్రది. తొమ్మిది పందేలలో అయిదు ఆమే గెలిచింది. "ఏం మామా, నీ లెక్క తప్పె!" అని అందరూ నవ్వారు.

లెక్క తప్పలేదు, తప్పు నాది. ఎర్రది నల్లదానిపై గెలిచే అవకాశం తొమ్మిదింట అయిదు మాత్రమే. అంత చిన్న మొగ్గు ఉన్నప్పుడు, తొమ్మిది పందేల ఆటను బలమైన పాచికే 100కు 36 సార్లకు పైగా ఓడిపోతుంది. కాబట్టి పాచికలు విసిరి ఒప్పించాలనుకోవడం పొరపాటని నా అభిప్రాయం. ముందు పలక పట్టాలి.

పట్టాము. ఎర్ర 2 నల్ల 1ని మాత్రమే గెలుస్తుంది. 4 కూడా అంతే. 9 మూడింటినీ గెలుస్తుంది. మొత్తం అయిదు. ఇదే విధంగా నల్లది తెల్లదానిని, తెల్లది ఎర్రదానిని తొమ్మిదింట అయిదుసార్లు గెలుస్తాయని పిల్లలే లెక్క తేల్చారు.

"అట్లయితే అన్నిటికన్నా పెద్దది ఏది?" అని ఆ అమ్మాయి అడిగింది. అసలు చిక్కు ఆ ప్రశ్నలోనే ఉంది. మనుషుల పొడవును ఒక్క సంఖ్యలో చెప్పవచ్చు. అందుకే వరుసలో నిలబెట్టగలం. పాచిక గెలుపు అటువంటిది కాదు. 9 వచ్చి 1ని ఓడించినా, 8ని ఓడించినా ఒక్క గెలుపే. మిగిలిన తేడా వృథా. ఆ వృథా ఎంతన్నది ఎదుటి పాచికను బట్టి మారుతుంది. గెలుపులకు బదులు చుక్కలు కూడితే మూడూ సమానమే.

విసిరే చూపించాలంటే బ్రాడ్లీ ఎఫ్రాన్ కూర్చిన నాలుగు పాచికలు మేలు. 1970 డిసెంబరు సైంటిఫిక్ అమెరికన్‌లో మార్టిన్ గార్డ్‌నర్ వాటిని పరిచయం చేశాడు. వాటిలో ప్రతిదీ తరువాతిదానిని మూడింట రెండుసార్లు గెలుస్తుంది. తొమ్మిది పందేల ఆటలో ఓటమి 100కు 15 సార్లలోపే. కానీ కారణం బోధపరచడానికి నా చెక్క పాచికలే సులువు.

వీటిని నేను కనిపెట్టలేదు. అడ్డంగా, నిలువుగా కూడితే 15 వచ్చే మూడు వరుసల మాయాచదరంలోని అడ్డవరుసలే ఇవి:

2 9 4
7 5 3
6 1 8

నిలువు వరుసలతో మరో మూడు పాచికలు చేసి చూడండి. ఏది దేనిని గెలుస్తుందో తేలాక, ఇంట్లో పిల్లలతో "ముందు నువ్వే ఎంచుకో" అనండి. పలక మాత్రం పక్కనే ఉంచుకోండి.