జుబాన్ మీద తన్ఖా

ఫిల్మ్ నగర్‌లో అందరికన్నా ఎక్కువ వినిపించే మాట ‘చూసుకుందాంలే’. పేమెంట్ సంగతేంటి సార్ అంటే చూసుకుందాంలే. తన్ఖా ఎంత, ఎప్పుడు వస్తుంది అంటే ముందు పన్లోకి రా, చూసుకుందాంలే. ఎవరు ఎవర్ని చూసుకుంటారో మాత్రం ఎవరూ చెప్పరు. ఈ మాటను ఎదురడగడం బేఅదబీ అని మనవాళ్లలో పెద్దలు అనుకుంటారు. వాళ్లతోనే ఈ జగడం. అందులో మొదటి మనిషి మా దూల్హాభాయ్.

మా ఆపా వాళ్లది టోలిచౌకీ. దూల్హాభాయ్ ఇరవై రెండేళ్లుగా సినిమాల్లో లైట్ డిపార్ట్‌మెంట్. ఆయన బిడ్డ, నా భాంజీ, గ్రాఫిక్స్ పని నేర్చుకుని మూడేళ్లుగా కంపోజిటర్‌గా చేస్తోంది. గ్రీన్ మ్యాట్ తీసేసి వెనక కోట పెట్టడం, ఫైట్లలో హీరో నడుముకు కట్టిన తాళ్లు చెరిపేయడం, రెండు షాట్లను ఒకే వెలుతురులో తీసినట్టు కలపడం, ఇదీ దాని పని. ఆ మధ్య జూబ్లీహిల్స్‌లో ఒక స్టూడియో నుంచి ఫోనొచ్చింది. ‘నెలకు 42 వేలు, ఒకటో తారీఖు నుంచి వచ్చెయ్, ఇద్దరు జూనియర్ల షాట్లు కూడా నువ్వే చూసి పైకి పంపాలి’ అన్నారు. ఇల్లంతా ఖుషీ. అప్పుడు చేస్తున్న చోట చేతికి 36 వేలు వస్తోంది. పిల్ల ఆ రాత్రే రాజీనామా రాయడానికి కూర్చుంది.

నేనే ఆపాను. ‘42 వేలంటే చేతికా, సీటీసీనా?’ అని అడిగాను. దానికి తెలీదు. ఫోన్‌లో అడగలేదు.

ఫర్క్ ఎంతో చూడండి. సీటీసీ అంటే కంపెనీకి నీ మీద అయ్యే మొత్తం ఖర్చు. పీఎఫ్‌ను 15 వేల పరిమితి మీద లెక్కేస్తే కంపెనీ వాటా 1,800, నీ వాటా 1,800. 42 వేలు సీటీసీ అయితే రెండూ అందులోంచే పోతాయి. తెలంగాణలో 20 వేలు దాటిన తన్ఖా మీద నెలకు 200 వృత్తి పన్ను. మిగిలేది 38,200. కొన్ని చోట్ల గ్రాట్యుటీని కూడా సీటీసీలో కలిపేస్తారు, అప్పుడు ఇంకా తగ్గుతుంది. ఆరు వేలు పెరిగిందనుకున్న పిల్లకు నిజంగా పెరిగింది 2,200. దానికి ఇద్దరు జూనియర్ల బాధ్యత అదనం.

‘అయితే ఫోన్ చేసి అడగమను, రాతలెందుకు?’ అన్నాడు దూల్హాభాయ్. ‘రాస్తే నమ్మకం లేదనుకుంటారు. ఇక్కడ అంతా జుబాన్ మీదే నడుస్తది.’

ఆయన మీద నాకు ఇజ్జత్ ఉంది కానీ ఈ మాట మీద లేదు. దూల్హాభాయ్ రోజు కూలి జుబాన్ మీద నడవదు. అది ఫెడరేషన్, నిర్మాతలు కూర్చుని రాసుకునే ఒప్పందం మీద నడుస్తుంది. 2025 ఆగస్టులో 30 శాతం పెంచమని కార్మికులు సమ్మెకు దిగితే 18 రోజులు షూటింగ్‌లు ఆగాయి. చివరికి 22.5 శాతం దగ్గర, అదీ మూడేళ్లకు విడగొట్టి, తేలింది. ఆ 18 రోజులు ఆయన ఇంట్లోనే కూర్చున్నాడు. ఆ కాగజ్ కోసం అన్నిరోజులు కూర్చున్న మనిషి బిడ్డకు కాగజ్ వద్దంటాడు! యూనియన్ రేటు ఉన్నవాళ్ల తరఫున బేరం ఆడటానికి వేరే వాళ్లు ఉన్నారు. నెల జీతం మీద స్టూడియోలో కూర్చునే నా భాంజీ లాంటి పిల్లలకు ఎవరూ లేరు. వాళ్లకున్నది ఒక ఈమెయిల్.

ఇంకో మాట. ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ గడువు పెట్టుకున్న బాకీని రాసిపెట్టుకోవడం గురించే. ఈ నెల చేసిన మెహనత్‌కు వచ్చే నెల అందే తన్ఖా గడువున్న బాకీ కాక మరేంటి? రాయడం బద్‌గుమానీ అయితే ఆ ఆయత్ ఎందుకొచ్చినట్టు? దీనికి దూల్హాభాయ్ జవాబ్ ఇవ్వలేదు, చాయ్ తెమ్మన్నాడు.

అలాగని ఎలా పడితే అలా రాస్తే సరిపోదు. నా భాంజీ మొదట రాసింది చూసి నాకు తల తిరిగింది. ‘ఇంటి కిరాయి పెరిగింది, తమ్ముడి ఫీజు కట్టాలి, వేరే స్టూడియో వాళ్లు 50 ఇస్తామంటున్నారు, 50 ఇస్తేనే వస్తాను’ అని రాసింది. ఇందులో మూడు ఖరాబులున్నాయి. కిరాయి దాని మజ్బూరీ, స్టూడియో పనికి దానితో సంబంధం లేదు. మజ్బూరీ చూపిస్తే అవతలివాడికి దయ కలగొచ్చు, లేదా ‘ఈ పిల్ల ఎంతకైనా వస్తుంది’ అని అర్థం కావచ్చు. రెండోదే ఎక్కువ. ఆ 50 వేల స్టూడియో అబద్ధం. గ్రాఫిక్స్ సూపర్‌వైజర్లంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే, ఒక్క ఫోన్‌తో బయటపడుతుంది. ‘ఇస్తేనే’ అన్నది ధమ్కీ. ధమ్కీ ఇచ్చాక వాళ్లు 46 అంటే ఒప్పుకునే దారి కూడా మనమే మూసుకున్నట్టు.

చింపేసి మళ్లీ కూర్చున్నాం. పిల్ల ఇంగ్లీషులో రాసిన దాని సారం ఇది:

‘నిన్న ఫోన్‌లో మాట్లాడినందుకు షుక్రియా. ఈ పని చేయాలని నాకు ఇష్టంగా ఉంది. మీరు చెప్పింది నేను అర్థం చేసుకున్నది ఇలా: కంపోజిటర్ పని, నెలకు 42 వేలు, ఇద్దరు జూనియర్ల షాట్లు చూసి సూపర్‌వైజర్‌కు పంపడం. ఈ 42 సీటీసీనా, చేతికొచ్చేదా చెప్పగలరు. సీటీసీ అయితే 48 వేలకు పరిశీలించమని అడుగుతున్నాను. కారణాలు రెండు. ఇప్పుడు నేను నా షాట్లే చేస్తున్నాను, మీ దగ్గర మరో ఇద్దరి షాట్లకు కూడా జవాబుదారీ నాదే. మీ దగ్గరున్న తాళ్ల తొలగింపు, గ్రీన్ మ్యాట్ షాట్లు గత రెండు సినిమాల్లో చేశాను, కాబట్టి మొదటి వారం నుంచే లెక్కకొచ్చే పని ఇవ్వగలను. ఇప్పుడు అంత గుంజాయిష్ లేకపోతే 45తో మొదలుపెట్టి, ప్రొబేషన్ అయ్యాక 48 చేసేలా లెటర్‌లో రాసినా నాకు సమ్మతమే. ఇక్కడ నా నోటీసు 30 రోజులు. మీ లెటర్ అందిన రోజే రాజీనామా ఇస్తాను.’

ఇంతే. మొదట వాళ్లు చెప్పింది వాళ్లకే తిరిగి చెప్పడం ఎందుకంటే, ఫోన్‌లో అన్నది మొదటిసారి కాగజ్ మీదకొచ్చేది అక్కడే. జూనియర్ల సంగతి తర్వాత ‘అది మామూలు పనేలే’ అనకుండా అక్కడే కట్టుబడిపోతుంది. కారణాలు రెండూ పనివే, స్టూడియో లాభంలోంచి చెప్పినవే. రెండో దారి చూపించడం వల్ల అవతలి మనిషి ‘లేదు’ అనకుండా ‘ఇలా అయితే సరే’ అనగలుగుతాడు. అడిగే హెచ్‌ఆర్ మనిషి కూడా పైవాడికి జవాబ్ చెప్పుకోవాల్సినవాడే. ఈ ఈమెయిల్‌ను అలాగే పైకి పంపగలగాలి. దాన్ని చదివి సిగ్గుపడాల్సిన ముక్క ఒక్కటీ ఉండకూడదు. నా దృష్టిలో అదబ్ అంటే నోరు మూసుకోవడం కాదు, ఇదీ.

రాజీనామా వాక్యం అన్నిటికన్నా ముఖ్యం. ఆ రాత్రి రాజీనామా ఇచ్చేసి ఉంటే, మర్నాటి నుంచి బేరం ఆడటానికి దాని చేతిలో ఏమీ ఉండేది కాదు.

రెండు రోజులు జవాబ్ లేదు. ఇంట్లో అందరూ నా మొహం చూశారు. ఆపా అయితే ‘నీ రాతల వల్ల పిల్ల నౌకరీ పోయింది’ అనేసింది. మూడో రోజు ఫోనొచ్చింది, రాత కాదు. ఇక్కడ ఇదొక అలవాటు. రాసిన దానికి ఫోన్‌లో జవాబిస్తే మళ్లీ అంతా గాలిలోకి పోతుంది. 42 సీటీసీయే. 48 కుదరదు, 45 ఇస్తాం, ఆరు నెలల ప్రొబేషన్ తర్వాత ‘చూసుకుందాం’ అన్నారు. పిల్ల షుక్రియా చెప్పి పెట్టేసి, పది నిమిషాల్లో రాసింది: ‘ఇప్పుడు మీరు చెప్పింది ఇలా అర్థం చేసుకున్నాను, తప్పుంటే సరిచేయండి. 45 సీటీసీ, ఆరు నెలల ప్రొబేషన్, తర్వాత సమీక్ష. సినిమా డెలివరీ ముందు ఆదివారాలు పనిచేస్తే బదులు సెలవు ఇస్తారని కూడా చెప్పారు. సమీక్ష ఏ నెలలో జరుగుతుందో లెటర్‌లో ఉంటే బాగుంటుంది.’

లెటర్ వచ్చింది. 45 ఉంది, పైలెక్క ప్రకారం చేతికి 41,200. ఆదివారానికి బదులు సెలవు ఉంది. సమీక్ష నెల ఉంది. 48 అనే అంకె మాత్రం లేదు, ‘పనితీరును బట్టి’ అని ఉంది. అంటే ఆరు నెలల తర్వాత 46 ఇచ్చినా లెటర్ తప్పినట్టు కాదు. మళ్లీ అడగాలా అని పిల్ల అడిగింది. వద్దన్నాను. అదే విషయం మూడోసారి అడిగితే జిద్ అవుతుంది. దాని బదులు ఆ ఇద్దరు జూనియర్లవి ఎన్ని షాట్లు చూసింది, ఎన్ని వెనక్కి రాకుండా పాసయ్యాయి అని వారం వారం రాసిపెట్టుకోమన్నాను. సమీక్షలో మాట్లాడేది ఆ హిసాబే.

చట్టం సంగతి అడిగేవాళ్లుంటారు. 1981 నాటి సినీ కార్మికుల చట్టమే రాతపూర్వక ఒప్పందం లేకుండా ఫీచర్ సినిమాకు పనిలో పెట్టుకోవద్దంది. 2025 నవంబరులో అమల్లోకొచ్చిన కొత్త లేబర్ కోడ్ ఉద్యోగులకు నియామక పత్రం ఇవ్వాలంటుంది. కాబట్టి లెటర్ అడగడం ఎవరి ఇజ్జత్‌కూ దెబ్బ కాదు. కానీ ఆ లెటర్‌లో ఏ అంకె ఉండాలో చట్టం చెప్పదు. కనీస వేతనానికి పైన ఉన్నదంతా మనం రాసుకోవాల్సిందే.

లెటర్ చూసిన రాత్రి దూల్హాభాయ్ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తన సంగతి ఒకటి చెప్పాడు, అప్పటిదాకా ఆపాకు కూడా తెలీదు. నాలుగేళ్ల కింద ఒక అవుట్‌డోర్‌లో వర్షంలో పదకొండు రాత్రులు చేయించారట. రేటు కాక డబుల్ బత్తా ఇస్తానని ప్రొడక్షన్ మేనేజర్ భుజం మీద చెయ్యేసి చెప్పాడట. సినిమా ఆగిపోయింది. రేటు యూనియన్ ద్వారా వచ్చింది, ఎందుకంటే అది కాగజ్ మీద ఉంది. బత్తా రాలేదు.

‘ఇప్పుడు రాస్తే ఇస్తారంటావా?’ అని అడిగాడు నన్ను. ఎవరికి రాయాలి అన్నాను. ఆ మేనేజర్ ఇప్పుడు ఏ ఆఫీసులో ఉన్నాడో ఆయనకు తెలీదు.