రిసార్టులో జరిగినా బాధ్యత యాజమాన్యానిదే

కంపెనీ విహారయాత్రలో వేధింపు జరిగితే ‘ఆఫీసు బయటి వ్యవహారం’ అంటూ యాజమాన్యాలు తప్పుకోజూస్తాయి. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ఆ వాదనకు తావివ్వదు. ఉద్యోగరీత్యా వెళ్లిన చోటు, యాజమాన్యం సమకూర్చిన వాహనం కూడా పనిప్రదేశమే. అంతకుముందే, 2008లో, ఢిల్లీ హైకోర్టు అధికారుల మెస్‌ను పనిప్రదేశంగా పరిగణించింది.

కంపెనీ విందులో ఒక క్లయింటు ఉద్యోగినితో అసభ్యంగా ప్రవర్తించాడనుకుందాం. అతడు తమ ఉద్యోగి కాడని యాజమాన్యం చేతులు దులుపుకోలేదు. పనిలో ఎదురయ్యే బయటివారి నుంచి రక్షణ కల్పించడమూ దాని విధే. ఆమె కోరితే పోలీసు ఫిర్యాదుకు సాయపడాలి.

చిక్కల్లా ఉద్యోగులు సొంతంగా చేసుకునే పార్టీలతోనే. ఖర్చు ఎవరిది, ఆహ్వానం ఎవరు పంపారు, హాజరు తప్పనిసరా అన్న ప్రశ్నలు అక్కడ కీలకమవుతాయి. అంతర్గత కమిటీకి రాతపూర్వక ఫిర్యాదు 3 నెలల్లోగా అందాలి. తగిన కారణముంటే కమిటీ మరో 3 నెలలు పొడిగించవచ్చు.