మొహమాటం మీదే మోసగాళ్ల గురి

మన తెలుగువాళ్లు ఎందరో పనిచేసే అల్ఫారెట్టాలో ఒకప్పుడు చాయిస్‌పాయింట్ అనే కంపెనీ ఉండేది. జనం పేర్లు, సోషల్ సెక్యూరిటీ నంబర్లు, పుట్టిన తేదీలు, అప్పుల చరిత్ర సేకరించి, వాటిని చూసే హక్కున్న వ్యాపారాలకు అమ్మడం దాని పని. ఆ సమాచారం మోసగాళ్ల చేతిలో పడిందని 2005 ఫిబ్రవరిలో బయటపడింది. బాధితుల లెక్క చివరికి 1,63,000 దాటింది.

నిజానికి ఆ కంప్యూటర్లను ఎవరూ హ్యాక్ చేయలేదు. మోసగాళ్లు చిన్న వ్యాపారులమని చెప్పి, దొంగ వివరాలతో దరఖాస్తు పెట్టుకుని, దర్జాగా ఖాతాదారులయ్యారు. కట్టుకథతో నమ్మించి పని జరిపించుకునే ఈ పద్ధతినే ప్రిటెక్స్టింగ్ అంటారు. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ విచారణలో తేలినవి చూడండి: వ్యాపార చిరునామాగా ఇచ్చినది అద్దె పోస్టు పెట్టె. వేర్వేరు కంపెనీల పేరిట వచ్చిన దరఖాస్తులు జనమంతా వాడుకునే దుకాణాల్లోని ఫ్యాక్స్ యంత్రాల నుంచి వచ్చాయి. ఇవన్నీ కాగితం మీద కనిపిస్తున్న గుర్తులే. అయినా దరఖాస్తులు ఆమోదం పొందాయి. 2006లో కంపెనీ కోటి డాలర్ల జరిమానాకు, బాధితుల కోసం మరో 50 లక్షలకు ఒప్పుకుంది. కొందరు ఖాతాదారుల ఆఫీసులకు స్వయంగా వెళ్లి చూసి రావాలన్న షరతు కూడా ఆ ఒప్పందంలో ఉంది. అసలు పాఠం అదే. వచ్చినవాడు తన గురించి తాను ఇచ్చిన వివరాలతోనే అతణ్ని తనిఖీ చేస్తే, అది తనిఖీ కాదు.

ఇప్పుడు ఇదే ఆట ఫోన్లో నడుస్తోంది. దీన్ని వాయిస్ ఫిషింగ్ అంటున్నారు. 2023 ఆగస్టులో క్లోరాక్స్ కంపెనీపై దాడి జరిగింది. తమ ఉద్యోగినంటూ ఎవరో హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేసి పాస్‌వర్డ్ అడిగితే, అతనెవరో తేల్చుకోకుండానే కొత్తది ఇచ్చేశారని, రెండో అంచె ధ్రువీకరణ కూడా రీసెట్ చేశారని ఆ కంపెనీ ఆరోపణ. హెల్ప్‌డెస్క్ నడిపిన కాగ్నిజెంట్‌పై 2025లో 38 కోట్ల డాలర్లకు దావా వేసింది. తమకు అప్పగించింది పరిమితమైన హెల్ప్‌డెస్క్ పనేనని, సైబర్ భద్రత తమ బాధ్యత కాదని కాగ్నిజెంట్ వాదిస్తోంది. కోర్టు ఏం తేల్చినా, అలాంటి ఫోన్ ఎత్తే కుర్చీల్లో హైదరాబాద్‌లోనూ ఇక్కడా మన పిల్లలే కూర్చుంటున్నారన్నది మరువకూడదు.

ఆ కుర్చీలో ఉన్నవారికి ఏం నేర్పాలి? 'జాగ్రత్తగా ఉండండి' అంటే చాలదు. ఎంప్లాయీ నంబరు, పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ చివరి నాలుగంకెలు అడగడం ఇక తనిఖీ కిందకు రాదు. చాయిస్‌పాయింట్ నాటి నుంచి అలాంటివి బజారుకెక్కాయి. చేయాల్సింది ఒక్కటే. ఫోన్ పెట్టేసి, కంపెనీ డైరెక్టరీలో ముందే ఉన్న నంబరుకు మనమే తిరిగి చేయాలి. అవతలివాడు చెప్పిన నంబరుకు కాదు. 'ఫోన్ పోయింది, నంబరు మారింది' అంటే, డైరెక్టరీలో నంబరు మొన్ననే మారి ఉంటే, ఆ నంబరును నమ్మకుండా అతని మేనేజరుకు చేసి ధ్రువపరచుకోవాలి. దీనికి అయిదు నిమిషాలు పడుతుంది. కాల్‌ను ఎంత త్వరగా ముగించారన్న దాన్నిబట్టి మార్కులేసే చోట ఆ అయిదు నిమిషాలే ఉద్యోగికి శిక్షవుతాయి. ముందు ఆ లెక్క మార్చని యాజమాన్యం శిక్షణకు ఎంత ఖర్చుపెట్టినా దండగే.

తలుపు దగ్గర జరిగే టెయిల్‌గేటింగ్‌కూ ఇదే సూత్రం. రెండు చేతులా పెట్టెలు పట్టుకుని ఒకరు మన వెనకే వస్తారు. తలుపు పట్టుకోకపోతే మర్యాద కాదనిపిస్తుంది. పెద్దవాళ్లను 'మీరెవరు' అని అడగలేని పెంపకం మనది. అందుకే అడిగే భారం ఉద్యోగి స్వభావం మీద కాక నియమం మీద ఉండాలి. 'పెట్టెలు నేను పట్టుకుంటాను, మీ బ్యాడ్జి ఒకసారి పెట్టండి' అన్న ఒక్క మాటను అందరితోనూ పలికించి అలవాటు చేయాలి. వైస్ ప్రెసిడెంటు కూడా నవ్వుతూ బ్యాడ్జి పెట్టాలి. పెద్దవాళ్లు పాటించని నియమాన్ని కొత్తగా చేరిన కుర్రాడు ఎలా పాటిస్తాడు?

తర్వాత ముందుగా చెప్పకుండా ఉత్తుత్తి కాల్స్ చేయించి చూడాలి. ఎందరు మోసపోయారన్నదే కాదు, ఎంతమంది వెంటనే సెక్యూరిటీకి చెప్పారన్నది లెక్కపెట్టాలి. మోసపోయినవారిని నలుగురిలో నవ్వులపాలు చేస్తే, అసలు దాడి జరిగిన రోజు ఎవరూ నోరు విప్పరు. మొదటి అరగంటలోనే తెలిస్తే, దొంగ చేతికి పోయిన ఖాతాను మూసేసి నష్టాన్ని చాలావరకు ఆపవచ్చు.

ఈ నియమం ఇంట్లోనూ పనికొస్తుంది. వీసాలో తప్పుందని, ఇమిగ్రేషన్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నామని ఫోన్ వస్తే, తెరపై కనిపించే నంబరును నమ్మవద్దు. ఆ నంబరును ఎవరైనా నకిలీగా చూపించవచ్చు. ఫోన్ పెట్టేసి, ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు మీరే చేయండి. ఇమిగ్రేషన్ ఆఫీసు ఫోన్లో డబ్బు అడగదు. నిజమైన అధికారి అయితే, మీరు ఫోన్ పెట్టేసినంత మాత్రాన మీ వీసా ఎక్కడికీ పోదు.