19 శాతంతో అప్‌డేట్ నొక్కెయ్యమనే వాళ్ళకి

“ఏం కాదు వదినా, ఛార్జర్ పెట్టి నొక్కెయ్.”

మా మరిది ఈ మాట అన్నప్పుడు నా ఫోన్‌లో 19 శాతం ఛార్జింగ్ ఉంది. మా అబ్బాయి నాలుగేళ్ళు వాడి నాకిచ్చిన ఫోన్ అది. ఛార్జర్ పెట్టాను, నొక్కాను. ఫోన్ ఆగి, నల్లటి తెర మీద గీత మెల్లగా జరగడం మొదలైంది. అది సగం దాటాక కరెంటు పోయింది. రెండు నిమిషాల్లో ఫోన్ కూడా ఆరిపోయింది. మళ్ళీ ఆన్ చేస్తే కంపెనీ గుర్తు వస్తుంది, పోతుంది, వస్తుంది. అంతే. రిపేరు షాపులో సాఫ్ట్‌వేర్ అంతా కొత్తగా ఎక్కించారు. ఫోన్ బతికింది. అమ్మ ఆవకాయ కొలతలు చెప్పి పంపిన వాయిస్ మెసేజ్ మాత్రం పోయింది. అమ్మ ఇప్పుడు లేదు.

మరిది అబద్ధం చెప్పలేదు. అతని ఫోన్‌కి నిజంగానే ఏమీ కాదు. 2016లో ఆండ్రాయిడ్ 7తో ఒక పద్ధతి వచ్చింది. పాత సిస్టమ్‌ని కదపకుండా, పక్కనే ఇంకో చోట కొత్తదాన్ని రాసిపెడుతుంది. ఒక పొయ్యి మీద చారు అలాగే ఉంచి, రెండో పొయ్యి మీద కొత్తది కాచినట్టన్నమాట. మధ్యలో ఛార్జింగ్ అయిపోయినా పాతది పాడవదు. కానీ ఈ పద్ధతిని అన్ని కంపెనీలూ, అన్ని మోడళ్ళకీ పెట్టలేదు. తేడా మనమే కనిపెట్టొచ్చు. ఇన్‌స్టాల్ అవుతుండగా ఫోన్ మామూలుగా వాడుకోగలిగి, చివర్లో ఒక్కసారి రీస్టార్ట్ అడిగితే అది రెండు పొయ్యిల ఫోన్. తెర నల్లబడి చాలాసేపు దేనికీ పలకకుండా ఉంటే, ఉన్న సిస్టమ్ మీదే రాస్తోందని అనుకుని జాగ్రత్తపడాలి. నాది ఆ రకం.

రెండో మాట, “ప్రమాదమైతే ఫోనే ఒప్పుకోదుగా” అంటారు. కొంతవరకూ నిజమే. ఐఫోన్ అయితే ఛార్జర్ లేకుండా ఇన్‌స్టాల్ చేయడానికి కనీసం 50 శాతం ఉండాలంటుంది. కానీ ఛార్జర్ గుచ్చగానే చాలా ఫోన్లు మెత్తబడతాయి, కరెంటు పోదనే నమ్మకంతో. ఆ నమ్మకం మా వీధిలో నాకు లేదు.

అసలు ఆ శాతం అంకె కూడా ఫోన్ వేసుకునే అంచనాయే. పాతబడ్డ ఇన్వర్టర్ బ్యాటరీని చూడండి. ఫ్యాన్ తిప్పుతుంది, మిక్సీ వేయగానే చతికిలబడుతుంది. పాత ఫోన్ బ్యాటరీ కూడా అంతే. మెసేజులు చూసుకుంటే 19 శాతం సాఫీగా నడుస్తుంది. బరువైన పని పడగానే వోల్టేజి జారిపోయి, ఇంకా 15 శాతం ఉందని చూపిస్తూనే ఆరిపోతుంది. పెద్ద అప్‌డేట్ ఇన్‌స్టాల్ చేయడం ఆ మిక్సీ వేయడమే. మీ ఫోన్ 20, 25 దగ్గర వీడియో కాల్‌లో ఠక్కున ఆగిపోయిన రోజులున్నాయా? అయితే దాని 19ని నమ్మకండి.

ఇక్కడే నా కోపం. ఇంట్లో కొత్త ఫోన్ ఎవరికి వస్తుంది, పాతది ఎవరికి చేరుతుంది? నలిగిన బ్యాటరీ, వదులైన ఛార్జింగ్ పిన్ను మన చేతికి ఇచ్చి, కొత్త ఫోన్ ధైర్యంతో మనకి సలహా చెబుతారు. గ్యాస్ బుకింగ్, ఓటీపీలు, పిల్లల స్కూలు మెసేజులు, అన్నీ ఆ పాత ఫోన్‌లోనే కదా ఉన్నాయి!

కాబట్టి నేను ఇప్పుడు చేసేది ఇది. డౌన్‌లోడ్ ఎంత ఛార్జింగ్‌లో ఉన్నా కానిస్తాను. అది ఆగినా పాత సిస్టమ్‌కి ఏమీ కాదు, మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు. ఇన్‌స్టాల్ మాత్రం ఆపుతాను. ముందు ఫొటోలు, వాట్సాప్ బ్యాకప్ పూర్తయ్యాయో లేదో చూస్తాను. ఛార్జింగ్ 70 దాటాక, ఛార్జర్ తీయకుండా, పగటి పూట నొక్కుతాను. అప్పుడు కరెంటు పోయినా, మిగిలిన పని ముగించే ఓపిక బ్యాటరీకి ఉంటుంది. గీత కదలట్లేదని కంగారుపడి బటన్లు నొక్కను.

మొన్న మరిది మళ్ళీ అన్నాడు, “ఇంకా చెయ్యలేదా వదినా?” అని. “నీ ఫోన్ నాకిచ్చి, నాది నువ్వు తీసుకో. ఇప్పుడే 19 శాతంలో నొక్కుదువుగాని” అన్నాను. నవ్వి ఊరుకున్నాడు. ఫోన్ మాత్రం ఇవ్వలేదు.